గడువు అడిగే ముందు లెక్క చూపాలి

సూరత్ సరఫరాదారు దగ్గర 30 రోజుల అరువును పెంచుకోవడానికి విజయవాడ చీరల వ్యాపారి ఒకరికి ఒక్క కాగితం సరిపోయింది. ఆ కాగితం తయారు కావడానికి మాత్రం మూడు వారాలు పట్టింది.

విజయవాడ వన్‌టౌన్‌లోని ఆ చీరల దుకాణానికి జూన్ నెలంటే హడల్. శ్రావణ మాసపు సరుకు సూరత్ నుంచి దిగేది అప్పుడే. 2025లో శ్రావణం జులై 25న మొదలైంది. దానికి ముందు నెల రోజులూ ఆషాఢం. ఆషాఢం తగ్గింపు ధరల్లో రోజువారీ చీరలు కదులుతాయే తప్ప పెళ్లి చీరలు, వ్రతం చీరలు బీరువాల్లోంచి బయటికి రావు. కానీ సూరత్ బిల్లుకు పంచాంగంతో పని లేదు. జూన్ 20న బిల్లు వేస్తే జులై 20కి డబ్బు చేరాలి. సరుకు లారీలో వచ్చి పార్శిల్ ఆఫీసు నుంచి దుకాణానికి చేరేసరికి పది రోజులు గడిచిపోతాయి. అంటే కాగితం మీద 30 రోజుల అరువు, చేతిలో 20 రోజులే. అదీ అమ్మకాలు లేని 20 రోజులు.

పాతికేళ్లుగా కొట్టు నడుపుతున్న ఆ యజమాని (పేరు రాయవద్దని కోరారు) ఇంతకాలం దీనికి కనిపెట్టిన మందు రెండు రూపాయల వడ్డీ. ఆరు లక్షల రూపాయలు నెల రోజులకు చేబదులు తెచ్చి సూరత్‌కు పంపేవారు. వడ్డీ 12,000. సంక్రాంతికి, ఎండాకాలం పెళ్లిళ్లకు కూడా ఇదే తంతు. 2024-25లో ఇలా ఒక్క సరఫరాదారు కోసం కట్టిన వడ్డీ దాదాపు 30,000. ''సేఠ్ దృష్టిలో నేను టంచనుగా కట్టే పార్టీని. ఆ టంచను వెనక నేనేం కడుతున్నానో ఆయనకు తెలియదు'' అంటారాయన.

తెలియజెప్పే ప్రయత్నం ఆయన 2025 ఏప్రిల్‌లో చేశారు. ఫోన్‌లో, మామూలుగా అందరూ అడిగినట్టే. ''ఇన్నేళ్ల నుంచి కొంటున్నాం, ఒక నెల పెంచండి సేఠ్‌జీ.'' జవాబు కూడా అందరికీ వచ్చేదే వచ్చింది. మార్కెట్ బాగాలేదు, అందరూ 60 రోజులే అడుగుతున్నారు, మీకిస్తే మిగతావాళ్లకూ ఇవ్వాలి. సరుకు తీసుకెళ్లి ముఖం చాటేసిన దుకాణదారుల కథలు సూరత్ రింగ్ రోడ్డు మార్కెట్లలో ఎన్నయినా వినబడతాయి. అక్కడ కూర్చున్న వ్యాపారికి ఫోన్‌లో వినిపించే ప్రతి గొంతూ నమ్మకంగానే ఉంటుంది. కాబట్టి ఆయన గొంతును నమ్మడం మానేసి చాలాకాలమైంది.

మధ్యవర్తి అయిన సూరత్ ఏజెంటు ఈ సంగతిని మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఏజెంటు కమీషన్ డబ్బు వచ్చాకే చేతికొస్తుంది కనుక గడువు పెరగడం అతనికీ ఇష్టం లేదు. అయినా ఒక మాట అన్నాడు. ''మంచి పార్టీనని మీరు చెప్పకండి భాయ్, మీ లెక్క చెప్పనివ్వండి.''

ఆ లెక్క తీసే పని దుకాణదారు కుమార్తె మీద పడింది. బీకాం చదివి కొట్టు పద్దులు చూస్తున్న ఆమె 2023-24, 2024-25 రెండేళ్లలో సూరత్ నుంచి వచ్చిన ప్రతి బిల్లునూ ఒక వరుసలో పెట్టడం మొదలెట్టింది. బిల్లు తేదీ, మొత్తం, గడువు తేదీ, డబ్బు చేరిన తేదీ, పట్టిన రోజులు. వినడానికి గంట పని. కానీ మొదటి రోజే చిక్కుముడి. కంప్యూటర్‌లోని పద్దుల్లో చాలా చెల్లింపులు ఏ బిల్లుకో చెప్పకుండా ఖాతాకు మొత్తంగా జమ అయి ఉన్నాయి. చేతిలో లక్ష ఉంటే లక్ష, యాభై వేలు ఉంటే యాభై వేలు పంపడం చిన్న వ్యాపారులందరికీ ఉన్న అలవాటే. బాకీ ఎంత మిగిలిందో దీనివల్ల తెలుస్తుంది. ఏ బిల్లు ఎన్ని రోజులకు తీరిందో మాత్రం తెలియదు. అరువు ఇచ్చేవాడు అడిగేది రెండోది. బ్యాంకు పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కో చెల్లింపునూ దాని బిల్లుకు జత చేయడానికే వారం పట్టింది.

చెక్కులతో మరో తకరారు. దుకాణదారు చెక్కు రాసి కొరియర్‌కు ఇచ్చిన రోజును చెల్లించిన రోజుగా భావిస్తారు. సూరత్‌లో మాత్రం తన ఖాతాలో డబ్బు పడిన రోజే లెక్క. మధ్యలో నాలుగైదు రోజుల తేడా. సొంత పద్దులో 28 రోజులకే తీరినట్టున్న బిల్లు అవతలి పద్దులో 33 రోజులది. ఆమె ఈ తేదీలన్నీ కొట్టేసి సూరత్‌లో జమైన తేదీలే వేసింది. దీంతో కొన్ని గడువులు తృటిలో తప్పాయి కూడా. అయినా అవతలివాళ్ల గుమాస్తా కళ్లకు కనిపించే తేదీలు అవే కనుక మరో దారి లేదు.

సగటు లెక్కలోనూ ఒక మాయ ఉంది. 20 వేల చొప్పున నాలుగు చిన్న బిల్లులు 20 రోజులకే కట్టి, మూడు లక్షల పెద్ద బిల్లు ఒక్కటి 48 రోజులకు కట్టిన మనిషిని ఊహించండి. ఐదు బిల్లుల మీద రోజుల సగటు తీస్తే 26 కూడా రాదు. ఎంతో మంచి పార్టీ అనిపిస్తుంది. కానీ రూపాయల బరువును బట్టి తీస్తే సగటు 42 రోజులు. డబ్బు ఇవ్వాల్సిన మనిషి చిన్నవి తొందరగా తీర్చి పెద్దవి నానబెడుతున్నాడని దీనర్థం. అనుభవమున్న గుమాస్తా దీన్ని క్షణంలో పట్టేస్తాడు. అందుకే ప్రతి బిల్లు మొత్తాన్ని దానికి పట్టిన రోజులతో హెచ్చించి, అన్నీ కూడి, మొత్తం కొనుగోలుతో భాగించాలి. ఈ దుకాణం విషయంలో అలా చేసినా సగటు 29 రోజులే వచ్చింది. ఆ అంకె చూశాకే తండ్రీకూతుళ్లకు ధైర్యం చిక్కింది.

రెండేళ్లలో 52 బిల్లులు, 47 లక్షల 80 వేల కొనుగోలు. మొదటి ఏడాది 22 లక్షల 40 వేలు, రెండో ఏడాది 25 లక్షల 40 వేలు. గడువులోగా తీరినవి 47. ఆలస్యమైనవి ఐదు. ఈ ఐదింటిని ఏం చేయాలన్న దగ్గర ఇంట్లో చిన్న వాదన నడిచింది. వాటిని కింద ఎక్కడో సన్నగా వేస్తే సరిపోతుందని తండ్రి ఉద్దేశం. కూతురు వినలేదు. ఐదింటినీ ఎర్ర రంగులో వేసి పక్కన కారణం రాసింది. ఒకటి కొరియర్‌లో చెక్కు పోయింది, ఆరు రోజులు. ఒకటి కేవలం మరచిపోయారు, నాలుగు రోజులు. మరచిపోయామనే రాసింది. మిగతా మూడూ 2024 సెప్టెంబరువి. తొమ్మిది, పదకొండు, పద్నాలుగు రోజులు. బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం మునిగిన నెల అది. ఈ దుకాణంలోకి నీళ్లు రాలేదు. కానీ దసరా చీరలు కొనాల్సిన వాళ్ల ఇళ్లలో ఉన్నాయి. ఆ మూడు బిల్లుల విషయంలోనూ గడువు రాకముందే సూరత్‌కు ఫోన్ చేసి, ఏ తేదీకి ఎంత పంపగలరో చెప్పి, ఆ తేదీకి పంపారు. ఆ వాట్సాప్ సందేశాల తేదీలు కూడా కాగితంలోకి ఎక్కాయి.

అసలు మందుపాతర మాత్రం వేరేచోట ఉంది. కాగితం పంపేముందు కూతురు సూరత్ నుంచి తమ ఖాతా నకలు తెప్పించింది. రెండు పద్దుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తుంటే ఒక చోట ఆగిపోయింది. ''నాన్నా, ఈ ఎనిమిది వేల నాలుగొందలు ఏమిటి?'' 2024 అక్టోబరులో రంగు దిగిన చీరలు కొన్ని వెనక్కి పంపి, ఆ మేరకు డబ్బు తగ్గించి కట్టారు. దుకాణం పద్దులో ఆ బిల్లు తీరిపోయింది. సూరత్‌లో వెనక్కొచ్చిన మూటను గోదాములో పడేశారు గానీ పద్దులో తగ్గించలేదు. ఫలితంగా అక్కడి కంప్యూటర్‌లో ఈ దుకాణం పేరెదుట ఆరు నెలలు దాటిన బాకీ ఒకటి నెలనెలా ముదురుతూ వస్తోంది. మొత్తం చిన్నదే. కానీ సేఠ్ పాత బాకీల జాబితా తీయమంటే అందులో ఈ పేరు కూడా ఉంటుంది. ఏప్రిల్ ఫోన్‌లో ఆయన గొంతు అంత పొడిగా ఎందుకుందో అప్పుడర్థమైంది.

ఇలాంటి తోకలే చాలా బేరాల్ని చెడగొడతాయి. వెనక్కి పంపిన సరుకు, ఒప్పుకున్న తగ్గింపు, లారీ కిరాయిలో తేడా, ఏదో ఒకటి పద్దులో తేలకుండా మిగిలిపోతుంది. కొన్నవాడు దాన్ని మరచిపోతాడు, అమ్మినవాడి కంప్యూటర్ మరచిపోదు. ముందుగా అవతలి ఖాతా నకలు తెప్పించి, తేడాలు తేల్చుకుని, ఫలానా తేదీకి బాకీ ఇంత అని ఇద్దరూ ఒప్పుకున్న కాగితం లేకుండా గడువు మాట ఎత్తితే, చర్చ గడువు మీద కాక ఆ ఎనిమిది వేల మీద నడుస్తుంది. ఈ దుకాణదారు మూట పంపిన లారీ రసీదు ఫోటో పంపాక, గోదాములో వెతికించి, నాలుగు రోజుల్లో సూరత్ గుమాస్తా ఆ పద్దు సరిచేశాడు.

ఇక ఎంత గడువు అడగాలి? తండ్రి మనసులో ఉన్నది 60 రోజులు. ఇక్కడ చట్టం అడ్డొచ్చింది. ఆ సరఫరాదారు బూడిద రంగు ముడి గుడ్డ కొని అద్దకం, ముద్రణ చేయించి అమ్ముతాడు. ఉద్యమ్ నమోదులో చిన్న తరహా తయారీదారు. ఆ నంబరు బిల్లు మీదే ఉంది. సూక్ష్మ, చిన్న తరహా సంస్థలకు డబ్బు చెల్లించాల్సిన గడువు, ఇద్దరూ రాసుకున్నా సరే, 45 రోజులు దాటకూడదని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం చెబుతుంది. రాతపూర్వక ఒప్పందమే లేకపోతే 15 రోజులు. చాలాకాలం దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2023 ఫైనాన్స్ చట్టం దీనికి కోరలు పెట్టింది. గడువు దాటిన బాకీ మార్చి 31 నాటికి మిగిలి ఉంటే ఆ కొనుగోలును ఆ ఏడాది ఖర్చుగా ఆదాయపన్ను లెక్కలో చూపడానికి వీల్లేదు. డబ్బు కట్టిన ఏడాదిలోనే చూపుకోవాలి. 2023-24 లెక్కల నుంచి ఇది అమల్లోకి రావడంతో దేశమంతటా గుడ్డల మార్కెట్లలో గగ్గోలు పుట్టింది. సరఫరాదారు తయారీదారు కాకుండా కేవలం కొని అమ్మే వ్యాపారి అయితే ఈ నిబంధన వర్తించదు. కనుక గడువు అడిగే ముందు అవతలి మనిషి ఏ కోవలోకి వస్తాడో బిల్లు చూసి తెలుసుకోవాల్సిందే.

అయితే 45 రోజులు ఎప్పటి నుంచి? దుకాణం ఆడిటరు చెప్పిన జవాబే ఈ కథను మలుపు తిప్పింది. చట్టం లెక్కించేది బిల్లు తేదీ నుంచి కాదు, సరుకును కొనుగోలుదారు స్వీకరించిన రోజు నుంచి. జూన్ 20 బిల్లు సరుకు జూన్ 30న దిగితే 45 రోజులు ఆగస్టు 14కు పూర్తవుతాయి. బిల్లు తేదీ నుంచి చూస్తే 55 రోజులు. 2025లో వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 8న వచ్చింది. అంటే వ్రతం చీరలన్నీ అమ్ముడుపోయి డబ్బు గల్లాపెట్టెలోకి వచ్చాక మరో ఆరు రోజులు మిగులుతాయి. అరవై రోజుల కోసం పట్టుబట్టాల్సిన పనే లేదు. లెక్క మొదలయ్యే రోజు మారితే చాలు.

అవతలివైపు లెక్క కూడా వేయకపోతే బేరం ఒంటెద్దు బండే. పండగ సీజన్ల బిల్లులు ఏడాదికి 14 లక్షలు. వాటి మీద 25 రోజులు అదనంగా ఆగితే, బ్యాంకు నుంచి 11 శాతానికి డబ్బు తెచ్చుకునే సరఫరాదారుకు ఏడాదికి పడే భారం పదిన్నర వేలు. అదే డబ్బును రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకునే దుకాణదారుకు అది 23 వేలు. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీలోనే బేరం ఆడాలి. పదిన్నర వేల భారాన్ని సేఠ్ ఊరికే మోయడు. మోయమని అడగడం కూడా మర్యాద కాదు. దానికి బదులు ఏమివ్వగలరన్నది ప్రశ్న.

రెండేళ్ల ఆర్డర్ల చరిత్ర ఇక్కడ అక్కరకొచ్చింది. ఏ నెలలో ఎన్ని చీరలు, ఏ రకం, ఏ ధర, ఎన్ని వెనక్కి వెళ్లాయన్నది కాగితం రెండో సగంలో ఉంది. వెనక్కి వెళ్లిన సరుకు 52,000 రూపాయలది, నూటికి ఒకటి కంటే కాస్త ఎక్కువ. ప్రతి ఏడాదీ జూన్‌లో దాదాపు ఒకే మోతాదు సరుకు తీసుకుంటున్నట్టు కూడా అది చూపింది. దాన్ని బట్టి దుకాణదారు రెండు మాటలిచ్చారు. శ్రావణం ఆర్డరు జూన్‌లో కాక మే మొదట్లోనే రకాలతో సహా ఇస్తారు. అద్దకం మిల్లులో పని తక్కువగా ఉన్నప్పుడే సేఠ్ సరుకు చేయించుకోవచ్చు. పాడైనవి తప్ప అమ్ముడుపోలేదన్న కారణంతో ఒక్క చీర కూడా వెనక్కి పంపరు. గుడ్డల వ్యాపారంలో రెండో మాట విలువ తెలిసినవాళ్లకే తెలుస్తుంది.

మే రెండో వారంలో కాగితం ముందు ఏజెంటుకు, ఆ తర్వాత సూరత్‌కు వెళ్లింది. రెండ్రోజులకు సేఠే ఫోన్ చేశారు. మొదట అడిగింది ఎర్ర వరుసల గురించే. మరచిపోయామని రాశారేమిటని నవ్వారట. తర్వాత అసలు సంగతికి వచ్చారు. ఆయన వాదన కూడా కాదనలేనిది. అద్దకం మిల్లు కూడా చిన్న సంస్థే, దానికి తాను 45 రోజుల్లో కట్టాలి. పైగా బ్యాంకు తనకు రావలసిన బాకీల మీద అప్పిచ్చేటప్పుడు 90 రోజులు దాటిన వాటిని లెక్కలోంచి తీసేస్తుంది. కాబట్టి ఎంత మంచి పార్టీ అయినా ఎవరికీ హద్దు లేని గడువు ఇవ్వలేడు.

చివరికి కుదిరింది ఇదీ. పండగ సీజన్ బిల్లులకు సరుకు అందిన రోజు నుంచి 45 రోజులు. మిగతా బిల్లులకు పాత 30 రోజులే, కాకపోతే అవి కూడా సరుకు అందిన రోజు నుంచి. ఏ సమయంలోనూ మొత్తం బాకీ తొమ్మిది లక్షలు దాటకూడదు. మొదట రెండు సీజన్లకు మాత్రమే. ముందు చెప్పకుండా ఒక్క గడువు తప్పినా పాత పద్ధతికే. ఏడు రోజుల్లో కడితే ఇచ్చే 2 శాతం తగ్గింపు అలాగే ఉంటుంది. ఈ చివరిదాన్ని కూతురు పట్టుబట్టి ఉంచుకుంది. 30 రోజులకు బదులు ఏడు రోజులకే కట్టి రెండు శాతం సంపాదించడమంటే ఏడాదికి 32 శాతం వడ్డీ వచ్చినట్టు. చేతిలో డబ్బున్న నెలల్లో అరువు కంటే అదే మేలు. గడువు పెంచుకునే ఉత్సాహంలో ఈ తగ్గింపును వదిలేసుకునేవారు తక్కువేం కాదు.

ఒప్పందం ఈమెయిల్‌లో రాసుకున్నారు. అయినా జూన్‌లో వచ్చిన మొదటి బిల్లు మీద పాత 30 రోజులే అచ్చయింది. సూరత్ గుమాస్తా కంప్యూటర్‌లో పార్టీ వివరాలు మార్చలేదు. ఊరుకుంటే జులై 20 దాటగానే ఆలస్యం వరుసలో ఈ దుకాణం పేరు మళ్లీ ఎక్కేదే. అదేరోజు రాసి బిల్లు మీద షరతు మార్పించారు.

ఊహించని దెబ్బ ఒకటి సొంత బ్యాంకు నుంచి తగిలింది. ఈ దుకాణానికి 15 లక్షల క్యాష్ క్రెడిట్ పరిమితి ఉంది. నెలనెలా స్టాకు లెక్క ఇస్తే, అందులోంచి సరఫరాదారులకు ఇవ్వాల్సిన బాకీ తీసేసి, మిగిలిన దాంట్లో నూటికి 75 వంతులు వాడుకోనిస్తారు. డబ్బు కట్టని సరుకు మీద బ్యాంకు అప్పివ్వదన్నమాట. 28 లక్షల సరుకు, ఆరు లక్షల బాకీ ఉన్నప్పుడు వాడుకోదగ్గ మొత్తం పదహారున్నర లక్షలు. పరిమితి 15 లక్షలు కనుక ఇబ్బంది లేదు. జులైలో బాకీ తొమ్మిది లక్షలకు చేరేసరికి అది పద్నాలుగు లక్షల పాతిక వేలకు పడింది. సూరత్ ఇచ్చిన మూడు లక్షల్లో ముప్పావు లక్షను బ్యాంకు వెనక్కి లాక్కుంది. ముందే లెక్క వేసుకుని ఉంటే ఆ నెల చెక్కు ఒకటి ఆపి రాసేవారు. వేసుకోలేదు. ఒక రోజంతా బ్యాంకు మేనేజరు గదిలో గడిచింది.

జూన్ 20 బిల్లుకు ఆగస్టు 13న డబ్బు వెళ్లింది, గడువుకు ఒక రోజు ముందు. ఆ ఆషాఢంలో రెండు రూపాయల వడ్డీ ఇచ్చే మనిషి దగ్గరికి వెళ్లాల్సిన పని పడలేదు. దసరా సరుకు విషయంలో మాత్రం చిన్న పేచీ వచ్చింది. సరుకు పార్శిల్ ఆఫీసుకు వచ్చిన రోజా, దుకాణంలో దిగిన రోజా, ఏది అందిన రోజు? తేడా మూడు రోజులు. రెండో రోజునే లెక్కించడానికి సూరత్ ఒప్పుకుంది, కాకపోతే రుజువు కావాలంది. అప్పటి నుంచి మూటలు దిగగానే కూతురు లారీ రసీదు మీద తేదీ, సంతకం వేసి ఫోటో తీసి అదే గంటలో పంపిస్తోంది. సంక్రాంతి బిల్లుల కట్ట మీద ఆ రసీదులు పిన్ను కొట్టి ఉన్నాయి.